ఆఖరి ఆమేన్‌కి సగటు ఎంత

మా సంఘంలో ప్రార్థన ఎలా జరుగుతుందో ముందు చెప్పాలి. లేకపోతే తర్వాత వచ్చే లెక్క అర్థం కాదు, మా అక్క పరువు ఎలా పోయిందో కూడా అర్థం కాదు.

శనివారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఇంట్లో కూటం పెట్టుకుంటాం. రెండు పాటలు, ఒక వాక్యం, దాని మీద పాస్టరు అయ్యగారి వివరణ, ఆ వివరణకి మళ్ళీ వివరణ. చివర్లో ఆయన "అందరం ప్రార్థన చేసుకుందాం" అంటారు. అనగానే గదిలో ఉన్నవాళ్ళంతా ఒకేసారి, పైకి, ఎవరి గోడు వాళ్ళు మొదలుపెడతారు. కొత్తగా వచ్చినవాళ్ళకి పొద్దున్నే పూర్ణా మార్కెట్‌లో కూరగాయల లారీ దిగినట్టు ఉంటుంది. మాకు అలవాటే. ఒకరి మాట ఒకరికి వినపడదు. వినపడకుండా ఉండడం కోసమే పెద్దలు ఈ పద్ధతి పెట్టారని నా నమ్మకం. కడుపులో ఉన్నదంతా గొంతెత్తి చెప్పుకోవచ్చు, పక్కింటావిడ పక్కనే కూర్చున్నా ఆవిడకి తెలీదు. ఎవరిది అయిపోతే వాళ్ళు ఊరుకుంటారు. అందరిదీ అయ్యాక అయ్యగారు ఆమేన్ అంటారు. ఆ తర్వాతే భోజనం.

అంటే భోజనం ఎప్పుడన్నది సంఘంలో సగటు భక్తుడి చేతిలో లేదు. ఆఖరున ముగించేవాడి చేతిలో ఉంది.

నేను స్టాటిస్టిక్స్ చెప్పే లెక్చరర్ని. మా నాన్న చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి. ఎక్కాలు రాకముందే నాకు కీర్తనలు వచ్చు. పన్నెండో ఎక్కం తప్పితే ఊరుకునే మనిషి వాక్యంలో ఒక్క మాట తప్పితే అన్నం పెట్టనిచ్చేవాడు కాదు. ఆయన పుణ్యమా అని ఇప్పటికీ ప్రార్థన లేకుండా క్లాసులోకి వెళ్ళను. క్లాసులోకి వెళ్ళాక పిల్లలూ ప్రార్థన మొదలుపెడతారు, బెల్లు కొట్టమని. నేను నమ్మినవాణ్ణి, గట్టిగా నమ్మినవాణ్ణి. అయినా ఇన్నేళ్ళుగా ఆ గోల మధ్య కళ్ళు మూసుకుని కూర్చుని, ఆ కూటంలో రోజూ నేను బోర్డు మీద రాసే లెక్కే నడుస్తోందని గమనించలేదు. దానికి మా మేనకోడలు తప్పు చెయ్యాల్సి వచ్చింది.

ఆ శనివారం కూటం అక్కావాళ్ళింట్లో. వన్ టౌన్‌లో, రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిన సందులో ఆ ఇల్లు. బావ పోర్టులో ఓడల సరుకు లెక్క చూస్తాడు. ప్రార్థనకి కూర్చున్నది తొమ్మిదిమందిమి. అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు, అక్క, బావ, నేను, స్టీల్ ప్లాంట్‌లో కొలిమి దగ్గర పనిచేసి చేసి మామూలు మాట కూడా కేకలా మాట్లాడే పెద్దాయన, ఆయన భార్య, పరవాడ మందుల కంపెనీ నుంచి డ్యూటీ దిగి తిన్నగా వచ్చే తమ్ముడు ఒకడు, వీధి చివర మామ్మ. మేనకోడలు మాత్రం వంటింట్లో ఉంది. కూర చూడాలని చెప్పింది. అసలు సంగతి, మంగళవారం దానికి పరీక్ష.

ఆ పరీక్ష గురించి తెలిసింది ఆ ఇంట్లో ముగ్గురికి, బయట నాకు. డిగ్రీలో అన్నీ పాసయింది, స్టాటిస్టిక్స్ పేపరు ఒక్కటి రెండుసార్లు తప్పింది. ఈలోగా ఎమ్మెస్సీలో సీటు వచ్చింది. పాసైన కాగితం తర్వాత తెచ్చివ్వచ్చని యూనివర్సిటీవాళ్ళు గడువిచ్చారు. ఈసారీ తప్పితే సీటు పోతుంది. ఈ "తప్పితే" అన్న మాట మా అక్క సంఘానికి చెప్పలేదు. సీటొచ్చిందని కూటంలో లేచి సాక్ష్యం చెప్పింది, స్వీట్లు పంచింది. "సీటు రావడం నిజమే గదా, అబద్ధం ఏటుంది?" అని నన్నే ఎదురడిగింది. కూతురితో మాత్రం, "ఈసారి పోయిందంటే పరవాడలో మాత్రలు ప్యాకింగ్ సేసే పనిలో పెట్టేత్తాను, నీ ఇష్టం" అని తేల్చేసింది.

ప్రార్థన మంచి ఊపులో ఉంది. పెద్దాయన గొంతు కొలిమిని కూడా చల్లార్చేలా ఉంది. నా చొక్కా జేబులో ఫోను వణికింది. ఒక కన్ను తెరిచాను. ఎదురుగా బావ కూడా ఒక కన్ను తెరిచి వంటింటి గుమ్మం వైపు చూస్తున్నాడు. మా ఇద్దరి చూపులూ కలిశాయి. ఇద్దరం గౌరవంగా వేరే వైపు తిప్పుకున్నాం.

వంటింట్లోంచి మేనకోడలు పంపిన ఫొటో అది. రూళ్ళ కాగితం, మూల మీద పసుపు వేలిముద్ర, వంకరగా దాని చేతిరాత. పైన వాళ్ళ లెక్చరర్ ఇచ్చిన లెక్క: సున్నా నుంచి థీటా అనే పై హద్దు వరకు యూనిఫాంగా, అంటే ఎక్కడైనా సమాన అవకాశంతో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చే ఎన్ విలువలు ఉన్నాయి, వాటిలో అన్నిటికన్నా పెద్దదాని పంపిణీ ఏమిటి, దాని సగటు ఎంత. కింద మా పిల్ల జవాబు ఒక్క లైను: "పెద్దది కూడా వాటిలో ఒకటే కాబట్టి అది కూడా యూనిఫామే. సగటు థీటాలో సగం." దాని కింద రెండు గీతలు, పక్కన ఒక నవ్వు మొహం బొమ్మ.

ప్రార్థనలో ఉన్నానన్నది మర్చిపోయి నేను "అయ్యో దేవా" అన్నాను. నిజానికి అది ఆ సాయంత్రం నేను మనసారా చేసిన మొదటి ప్రార్థన. "తప్పు" అని ఒక్క మాట టైపు చేసి పంపాను. "ఏటి తప్పు?" అని జవాబు. "అంతా" అన్నాను. వంటింట్లో గరిటె దేనికో గట్టిగా తగిలిన చప్పుడైంది.

ఈలోగా ఒక్కొక్కరూ ముగించడం మొదలైంది. మొదట బావ. ఆయన ఎప్పుడూ మొదటే. తర్వాత పరవాడ తమ్ముడు, మామ్మ, అమ్మగారు. గోల పలచబడింది. పెద్దాయన ఆగాడు. ఆయన ఆగడమంటే ఫ్యాక్టరీలో కరెంటు పోయినట్టే. ఆ నిశ్శబ్దంలో ఒక్క గొంతే మిగిలింది. అక్కది. కళ్ళు గట్టిగా మూసుకుని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇంకా ఆ గోల తనను కాపాడుతోందనుకుంటూ.

"ఎర్ర సముద్రాన్ని పాయలు సేసిన తండ్రీ, ఆ ఒక్క స్టాటిస్టిక్స్ పేపరు దాటించీ తండ్రీ. రెండుసార్లు తప్పింది తండ్రీ. సంఘంలో అంతా అయిపోయినట్టే సెప్పేసేను, నా పరువు నీ సేతుల్లో ఉంది తండ్రీ. ఆ సీటు పోతే అది నా మొహం సూడదు, నాను సంఘం మొహం సూడలేను..."

అప్పుడు అక్కకి నిశ్శబ్దం వినిపించింది. కళ్ళు తెరవలేదు. గొంతు మాత్రం ఒక్కసారిగా మార్చి, "అలాగే ప్రపంచ దేశాలన్నిటిలో శాంతి సమాధానాలు దయచేయుమని" అంటూ అచ్చ పుస్తక భాషలోకి వెళ్ళిపోయింది. అయ్యగారు దయగలవారు. వెంటనే ఆమేన్ అన్నారు.

మామ్మే అడిగింది. "ఏటే, పాసైపోయింది అన్నట్టు మిఠాయి పంచేవు గదా? నాను రెండు తిన్నాను."

"సీటొచ్చిందన్నాను మామ్మా, పాసయ్యిందనలేదు" అంది అక్క.

"సప్లీయా? ఏ సబ్జెక్టు?" పెద్దాయన మామూలుగానే అడిగాడు. సందు చివరిదాకా వినపడింది.

"పర్లేదు సిస్టర్. ప్రార్థన అంశంగా గ్రూపులో పెడదాం" అన్నారు అమ్మగారు, ఓదార్పుగా. అంటూనే ఫోను తీశారు. సంఘం వాట్సాప్ గ్రూపులో పాతవాళ్ళు, కొత్తవాళ్ళు, ఊరు మారి వెళ్ళినవాళ్ళు, సంఘం మారి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. మేం విస్తళ్ళ ముందు కూర్చునేలోపు, ఎండుకొబ్బరి వేసిన కోడికూర ఇంకా రాకముందే, మా పిల్ల స్టాటిస్టిక్స్ గురించి ఎంతమంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారో చూసి బావ ఫోను బోర్లా పెట్టేశాడు.

మేనకోడలు వడ్డించలేదు. కూర గిన్నె తెచ్చి చాప మీద పెట్టి మేడ మీదికి వెళ్ళిపోయింది.

భోజనం చేసి నేనూ ఎక్కాను. ఇంకా వెలుగుంది. అక్కడి నుంచి పోర్టు క్రేన్ల తలలు కనిపిస్తాయి. వాటి కన్నా ముందు వాటి బొగ్గు కనిపిస్తుంది. ఆ ఇంటి పిట్టగోడ పొద్దున తుడిస్తే సాయంత్రానికి నల్లగా ఉంటుంది. మేనకోడలు ఆ గోడకి ఆనుకోకుండా, ఆనుకున్నట్టు నిలబడింది. అది వన్ టౌన్ పిల్లలకి మాత్రమే వచ్చిన విద్య.

"నాను రాయను మావయ్యా" అంది.

"ఎందుకు?"

"ఇప్పుడు సంఘం మొత్తం ప్రార్థన సేత్తాది. నాను ఫెయిలైతే నానొక్కదాన్నే ఫెయిలవడం కాదు. దేవుడు కూడా ఫెయిలైనట్టే. ఆయన సర్టిఫికెట్ కూడా నా మీదే ఉంది."

"ఆయన సర్టిఫికెట్ సంగతి ఆయన చూసుకుంటాడు. నీ జవాబు చూస్తే నాకే విశ్వాసం సడలింది."

అది నవ్వలేదు. "ఏటి తప్పు అందులో? ఎన్ మంది ఉన్నారు. అందరూ ఒకేలాంటోళ్ళు. పెద్దది ఆళ్ళలో ఒకటి. మరి దానికి ఏరే పంపిణీ ఎక్కడి నుంచొస్తాది?"

ఇక్కడ నేను ఒప్పుకోవాలి, అది చాలా అందమైన తప్పు. క్లాసులో ఏటా ఎవరో ఒకరు చేస్తారు, కానీ ఇంత ధైర్యంగా కారణం చెప్పి చెయ్యరు. దానికి మామూలుగా నేను చెప్పే జవాబు ఒకటుంది. జనం తమకి రాజు కావాలంటే, అందరికన్నా భుజాల పైకి ఎత్తుగా ఉన్నవాణ్ణి తెచ్చి నిలబెట్టారని లేఖనంలో ఉంది. అతనూ ఆ జనంలో ఒకడే. అంతమాత్రాన అతని ఎత్తు ఆ జనం సగటు ఎత్తు అవుతుందా? ముందే పేరు పెట్టి పిలిచిన మనిషి వేరు, అందరినీ కొలిచాక వెతికి పట్టుకున్న మనిషి వేరు.

ఆ మాటే చెప్పాను. తల ఊపింది. తల ఊపడం నాకు తెలుసు. ఆదివారం ప్రసంగానికి కూడా అలాగే ఊపుతారు.

"సరే, కింద జరిగిందే తీసుకో" అన్నాను. "ప్రార్థన ఎంతసేపు జరిగింది?"

"అమ్మ ఆపేదాకా."

"ఒక్కొక్కరూ సున్నా నుంచి పది నిమిషాల్లో ఎప్పుడైనా ఆపచ్చనుకో. ఎప్పుడన్నది ఎవరి ఇష్టం వాళ్ళది, పక్కవాళ్ళతో పని లేదు. మీ నాన్న ఒక్కడే ప్రార్థన చేశాడనుకో. ఐదు నిమిషాల్లోపు అయిపోయే అవకాశం?"

"మా నాన్నకా? నూటికి నూరు."

"లెక్కలో."

"సగం."

"మీ నాన్న, మామ్మ ఇద్దరే ఉంటే? ఐదు నిమిషాలకల్లా అన్నం పెట్టాలంటే?"

"ఇద్దరూ ఐదులోపు ఆపాలి. సగంలో సగం. పావు." అని ఆగింది. "ముగ్గురైతే పావులో సగం."

"తొమ్మిదిమంది అయితే?"

వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "ఐదు వందల పన్నెండులో ఒకటి! అంటే ఐదు నిమిషాలకి అన్నం వండి పెట్టేనంటే నాకు పిచ్చి." కాసేపు క్రేన్ల వైపు చూసింది. "కానీ సగటు సగం అని రాసేను. అంటే సగటున ఐదు నిమిషాలకి అన్నం అన్నట్టు."

"నువ్వు రాసింది మీ నాన్న సంగతి. అడిగింది మీ అమ్మ సంగతి."

అప్పుడు అది వేలు పెట్టి పిట్టగోడ మీద బొగ్గు దుమ్ములో రాయడం మొదలుపెట్టింది. ఆఖరివాడు టీ నిమిషాల్లోపు ఆపాడంటే, అందరూ టీ లోపు ఆపినట్టే. ఒక్కడు కూడా మిగలకూడదు. ఒక్కొక్కరికి అవకాశం టీ బై థీటా. ఒకరితో ఒకరికి సంబంధం లేదు కాబట్టి ఎన్ సార్లు గుణించాలి: టీ బై థీటా, మొత్తం పవర్ ఎన్. దాన్ని డిఫరెన్షియేట్ చేస్తే డెన్సిటీ: ఎన్ ఇంటూ టీ పవర్ ఎన్ మైనస్ ఒకటి, బై థీటా పవర్ ఎన్. మళ్ళీ టీతో గుణించి సున్నా నుంచి థీటా దాకా ఇంటిగ్రేట్ చేసింది. గోడ చాల్లేదు. మూల తిరిగి అవతలి గోడకి వెళ్ళింది. నేను వెనకాలే నడిచాను.

"ఎన్ బై ఎన్ ప్లస్ ఒకటి, ఇంటూ థీటా" అంది చివరికి. వేలు నల్లగా, మొహం మీద ఎక్కడో ఒక నల్ల గీత. "మనకి తొమ్మిదిమంది, పది నిమిషాలు. సగటున తొమ్మిది నిమిషాలు. ఒక్కడే ఉంటే సగం. ఓలమ్మో, నా జవాబు ఎన్ ఒకటి అయినప్పుడు కరెక్టే మావయ్యా!"

"అవును. నువ్వు ఒంటరి భక్తుడికి రాశావు. వాళ్ళు సంఘానికి అడిగారు."

ఇప్పుడు నవ్వింది. అక్కడితో కిందికి దిగిపోవచ్చు. నేను దిగబోయాను కూడా. అది మాత్రం ఆ గోడనే చూస్తూ నిలబడింది.

"ఆఖరోడి ముందోడు ఎప్పుడు ఆపుతాడు?"

"సగటునా? ఎన్ విలువలు పడితే, సున్నా నుంచి థీటా దాకా ఉన్న గీత ఎన్ ప్లస్ ఒకటి ముక్కలవుతుంది. సగటున అన్ని ముక్కలూ సమానం."

"అంటే మనకి పది ముక్కలు. ఒక్కోటి ఒక్క నిమిషం. ముందోడు ఎనిమిది దగ్గర, ఆఖరోడు తొమ్మిది దగ్గర." వేలు గాల్లో ఆగిపోయింది. "మావయ్యా, అంటే ప్రతి కూటంలోనూ సగటున ఒక్క నిమిషం ఎవరో ఒకరు ఒంటరిగా ఇనపడిపోతారన్నమాట. ఎవరన్నది తెలీదు గానీ, ఎవరో ఒకరు. అమ్మ తప్పేం లేదు. ఎవరి సంగతో ఒకటి బయటపడాల్సిందే."

నేను ఇరవై ఏళ్ళుగా ఈ పాఠం చెప్తున్నాను. ఈ నిమిషం గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ ఆఖరి ఖాళీ బోర్డు మీద ఒక ముక్క మాత్రమే, థీటా బై ఎన్ ప్లస్ ఒకటి. మా సంఘంలో అది ఒక మనిషి పరువు.

"మరి పెద్ద సంఘాలు ఎందుకు మంచివో తెలిసింది" అంది. "ఎన్ పెరిగితే ఆ ఖాళీ తగ్గిపోద్ది. వెయ్యిమంది ఉన్న సోట అమ్మ ఏటి సెప్పినా ఎవరికీ తెలీదు."

"అక్కడ అన్నం కూడా పదో నిమిషానికే" అన్నాను.

ఇంతలో అక్క మెట్లెక్కి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మా ఇద్దరినీ చూడలేదు, గోడ చూసింది. "ఎవరిదే ఈ పిచ్చి రాత? పొద్దున్నే తుడిసేను."

"అమ్మా, ఇది నీ ప్రార్థనే" అంది కూతురు.

"నా ప్రార్థన సాలు ఇయాల్టికి. ఎల్లి మొహం కడుక్కో, బొగ్గులారీ డ్రైవర్లా ఉన్నావు." అని నా వైపు తిరిగి, తక్కువ గొంతుతో, "రాత్తాదా తమ్ముడా?" అంది.

"రాస్తుంది" అన్నాను. గట్టిగానే అన్నాను, అంత నమ్మకం లేకపోయినా. మా వృత్తిలోనూ కొంత విశ్వాసంతోనే నడవాలి.

మంగళవారం మధ్యాహ్నం నేను మా కాలేజీ స్టాఫ్ రూములో ఉండగా ఫోనొచ్చింది. నేను పనిచేసేది వేరే కాలేజీ, దాని పేపరు నా దగ్గరికి రాదు. అందుకే నాకు దానికన్నా ఎక్కువ భయంగా ఉంది. "వచ్చింది మావయ్యా" అని అరిచింది. ముగ్గురు స్నేహితులు గంట లోపల ఎప్పుడైనా విడివిడిగా వస్తారు, ఆఖరివాడు ముప్పావుగంట దాటాక వచ్చే అవకాశం ఎంత?

"ఎంత రాశావు?"

"ముప్పావులోపే ముగ్గురూ వచ్చేస్తే ముప్పావు పవర్ మూడు. ఇరవై ఏడు బై అరవై నాలుగు. ఒకటిలోంచి తీసేస్తే ముప్పై ఏడు బై అరవై నాలుగు."

కుర్చీలో వెనక్కి వాలాను. "బాగుంది. ఇంకేం రాశావు?"

అడగొద్దనుకుంటూనే అడిగాను. దాని గొంతులో ఒక మెరుపు ఉంది, అది నాకు నచ్చలేదు. "ఏ ఊహల మీద ఈ జవాబు నిలబడిందో రాసి ఉదాహరణ ఇమ్మన్నారు. గృహ కూటం రాసేను."

"ఏం రాశావ్?"

"నిజంగా కూటంలో స్వతంత్రం ఉండదని. పక్కోళ్ళు ఆపేస్తే మనకీ ఆపెయ్యాలనిపిస్తాది, అన్నం వాసనొస్తే ఇంకా తొందరగా. అందుకని గుణించకూడదు. అందరూ ఒకేలాంటోళ్ళు కూడా కాదు, బాధ ఎక్కువ ఉన్నోళ్ళ థీటా పెద్దదని రాసేను. లెక్కలో మాత్రం ఆళ్ళు ఇచ్చినట్టే అన్నీ ఒకేలా, స్వతంత్రంగా అనుకుని సేసేను."

పక్క బల్ల దగ్గరున్న ఇంగ్లీషు లెక్చరర్ నా మొహం చూసి నీళ్ళ సీసా జరిపాడు. ఆ పేపరు దిద్దేవాడు ఎవరో, ఏ మతంవాడో, ఆ రోజు ఇంట్లో పెళ్ళాంతో ఎలా ఉన్నాడో. స్వతంత్రం లేకపోతే గుణించకూడదన్నది నిజమే. కానీ ఎర్ర కలం పట్టుకున్నవాడికి అన్నం వాసన నచ్చాలి కదా. ఆ రోజు నుంచి ఫలితాలొచ్చేదాకా మా సంఘంలో అందరికన్నా పొడుగ్గా ప్రార్థన చేసింది నేనే. ఆఖరి నిమిషంలో ఒంటరిగా మిగిలిపోతే పనికొస్తాయని ప్రపంచ దేశాల పేర్లు కొన్ని ముందే గుర్తుపెట్టుకున్నాను.

పాసయింది. గడువుకి ముందే కాగితం యూనివర్సిటీకి వెళ్ళింది. దిద్దినవాడు ఉదాహరణ పక్కన ఏమైనా రాశాడా అని అది అడుగుతూనే ఉంది. నాకు తెలీదు, తెలుసుకునే దారీ లేదు.

అక్క కృతజ్ఞత కూటం పెట్టింది. ఈసారి మటన్. సంఘం మొత్తం ప్రార్థన చేసింది కాబట్టి ఫలితంలో అందరికీ వాటా ఉందన్నట్టు అందరూ వచ్చారు. గదిలో పట్టక గుమ్మంలో కూడా కూర్చున్నారు. మామ్మ ముందే అడిగింది. "ఈసారి నిజంగానే పాసయ్యిందా? మళ్ళీ మిఠాయి తిని మోసపోను."

అయితే ఈలోగా ఒకటి జరిగింది. మేనకోడలు ఆ ఆఖరి నిమిషం సంగతి యవ్వనస్తుల కూటంలో చెప్పేసింది. వాళ్ళు ఇళ్ళకెళ్ళి చెప్పారు. ఎవరో ఒకరు ఒంటరిగా వినపడక తప్పదని, లెక్కలో రుజువైందని, ఊరంతా తెలిసిపోయింది. అయ్యగారు "అందరం ప్రార్థన చేసుకుందాం" అన్నారో లేదో, గదిలో పందెం మొదలైంది. ఎవరూ ఆఖరున ఉండదలచుకోలేదు. పెద్దాయన అంత మనిషి గుసగుసలాడి ముగించేశాడు. అమ్మగారు రెండు వాక్యాలతో సరిపెట్టారు. బావ అసలు మొదలుపెట్టాడో లేదో నాకు అనుమానమే. గది ఇంత తొందరగా నిశ్శబ్దమవడం మా సంఘం చరిత్రలో లేదు. స్వతంత్రం అన్న ఊహ నా కళ్ళ ముందే చచ్చిపోయింది.

ఒక్క అక్క మిగిలింది.

ఆవిడకి తెలుసు. గొంతు మార్చలేదు, పుస్తక భాషలోకి పారిపోలేదు. "తండ్రీ, అందరూ ఇంటన్నారని తెలుసు, ఇననీ" అంది. "ఆ రోజు నా పరువు సూడమని అడిగేను. పరువు తీసి పేపరు దాటించేవు. సరే, నీ లెక్క నీది. దాని మీద నాను అరిసిన అరుపులు కూడా నీకు తెలుసు, అవి కూడా సెప్పేత్తాను ఇయాల..." ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టింది. ఏ రోజు ఏమంది, ఏ పళ్ళెం విసిరింది, పిల్ల ఏడుస్తూ పడుకుంటే తను గోడవైపు తిరిగి ఏడ్చిన సంగతి.

బావ నా వైపు జరిగాడు. "ఒరే బావా, పది నిమిషాలు దాటిపోనాది. అదేటి, థీటా పది అన్నారు?"

నేను జవాబు చెప్పేలోపు, పక్కనే కూర్చున్న మేనకోడలు కళ్ళు తెరవకుండానే మెల్లగా అంది. "పది అనుకున్నది మనం నాన్నా. సూసిన వాటిలో పెద్దది ఎప్పుడూ థీటాకి కిందే ఉంటాది. అసలు థీటా ఎంతో మనకి తెలీదు."

అది సరైన మాటే. పరీక్షలో రాసి ఉంటే ఇంకో రెండు మార్కులు పడేవి. దాని మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, అది తుడుచుకోలేదు. వంటింట్లో మటన్ చల్లారుతోంది. అయ్యగారు ఆమేన్ అనడానికి నోరు తెరిచి, మా అక్కను చూసి, మళ్ళీ మూసుకున్నారు.